బస్సులో టీవీ ఆపేయండి, పిల్లలు కూర్చునే ఉంటారు

చలికాలం మొదలైందంటే చాలు, బడిపిల్లల తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక కబురు తిరుగుతుంది. విహారయాత్రకి పెట్టిన బస్సులో టీవీ ఉందట, సీటు సీటుకీ చార్జింగ్ పాయింటు ఉందట, పిల్లలకి ట్యాబ్ ఇచ్చి పంపాలనుకునేవాళ్ళు పంపవచ్చట. దాని కింద వరసగా పాతిక బొటనవేళ్ళు. "హమ్మయ్య, దారంతా కదలకుండా కూర్చుంటారు" అని ఒకావిడ. "మావాడికి రెండు సినిమాలు డౌన్‌లోడ్ చేసి పెట్టేశాను" అని ఇంకొకావిడ.

నాకు ఆ బొటనవేళ్ళ మీదే కోపం. పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టడమూ, క్షేమంగా తీసుకెళ్ళడమూ ఒకటే అనుకుంటున్నాం. ఆరుగంటల బస్సు ప్రయాణంలో అవి రెండూ వేరు. సినిమా చూస్తున్న పిల్ల కదలదు, నిజమే. కానీ ఆ పిల్లకి కడుపులో తిప్పుతున్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. తనకే తెలియదు, తెలిసేసరికి ముందు సీటు వెనకభాగమంతా పాడైపోయి ఉంటుంది.

ఊరికే మాట్లాడుకుంటే అందరం తలూపుతాం కాబట్టి, ఒక దారిని పట్టుకుని చెబుతాను. హైదరాబాదు నుంచి శ్రీశైలం. మన బడులవాళ్ళు ఎక్కువగా వెళ్ళే దారుల్లో అదొకటి. 200 కిలోమీటర్ల పైచిలుకు. కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి దాకా ఊళ్ళు, దుకాణాలు, పొలాలు. తర్వాత డిండి జలాశయం. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే నల్లమల అడవి. దోమలపెంట దాటాక కృష్ణ వైపుకి దిగే ఘాటు మలుపులు, ఆనకట్ట, మళ్ళీ పైకెక్కడం. తినడానికి, కాళ్ళు చాపుకోవడానికి ఆగుతూ వెళ్తే ఆరుగంటలు పడుతుంది. ఈ దారిలో అడవిలోకి వెళ్ళాక చాలాచోట్ల ఫోను సిగ్నలే ఉండదు. అంటే డౌన్‌లోడ్ చేసుకోనివాళ్ళ ఫోన్లన్నీ సరిగ్గా పిల్లలు అలసిపోయే వేళకి చచ్చిపోతాయి. "నీది చూడనివ్వవా" అనే గొడవలు మొదలయ్యేది అక్కడే.

నిరుడు ఈ దారిలోనే రెండు బస్సులు వెళ్ళాయి. ఒక్కో దాంట్లో నలభైమంది, ఆరు, ఏడు తరగతులవాళ్ళు. ముగ్గురు టీచర్లు, సాయంగా ఇద్దరు తల్లులు. ముందు బస్సులో నేనున్నాను. మా బస్సు టీచరు, ఆవిడ లెక్కలావిడ, బయల్దేరకముందే టీవీ తీగ పీకించేసింది. వెనక బస్సులో రెండు సినిమాలు వేశారు, మధ్యలో రంగురంగుల దీపాలు వెలిగించి నడవలో డాన్సు. శ్రీశైలంలో దిగాక ఆ బస్సు క్లీనర్ బకెట్టు, చీపురు పట్టుకుని ఎంతసేపు కడిగాడో నేను చూశాను.

ఇందులో వింతేమీ లేదు. బస్సు మలుపు తిరుగుతున్నట్టు చెవి లోపలి భాగం మెదడుకి చెబుతుంటుంది. కళ్ళేమో చేతిలో కదలని తెరని చూస్తూ "అంతా నిలకడగానే ఉంది" అంటాయి. ఈ రెండు కబుర్లూ కలవకపోతేనే కడుపులో తిప్పుతుంది. బడి వయసు పిల్లలకి పెద్దవాళ్ళ కంటే ఇది ఎక్కువ. పుస్తకం చదివినా, చుక్కలాట గీసినా అంతే. కాబట్టి తెర ఒక్కటే దోషి అని నేననను. "ఫోను వద్దు, రంగులపుస్తకం ఇచ్చాం" అని గర్వపడే తల్లులు కూడా ఘాటు రోడ్డులో అదే బకెట్టు కోసం వెతుక్కోవలసి వస్తుంది. కళ్ళు దించుకుని ఆడే ఆట ఏదైనా బస్సులో పనికిరాదు. కళ్ళు బయటికి చూడాలి, లేదా ఆట మొత్తం చెవులతో నడవాలి.

ఇక నడవలో డాన్సు. దీన్ని టీవీకి విరుగుడు అనుకునేవాళ్ళు ఉన్నారు, "మా పిల్లలు ఫోన్లు ముట్టలేదు, దారంతా ఎగిరారు" అని వీడియోలు పెడతారు. నడుస్తున్న బస్సులో నిలబడ్డ పిల్లకి, డ్రైవరు ఒక్కసారి బ్రేకు వేస్తే పట్టుకోవడానికి ఏముంటుంది? ఆ దారిలో కోతులు రోడ్డుకి అడ్డం వస్తాయి, పశువులు వస్తాయి, మలుపు తిరగ్గానే లారీ ఎదురవుతుంది. బ్రేకు పడుతుందా లేదా అన్నది అనుమానమే కాదు, ఎన్నిసార్లు అన్నదే లెక్క. టీవీ, డాన్సు రెండూ ఒకే బద్ధకం నుంచి పుట్టాయి. ఆరుగంటలు ఏం చేయించాలో ముందురోజు కూర్చుని ఎవరూ ఆలోచించలేదు.

మా బస్సులో నియమం ఒక్కటే: ఏ ఆటలోనైనా వీపు సీటుకి ఆని ఉండాలి. లేచినా, సీటు మీద మోకాళ్ళేసి వెనక్కి తిరిగినా ఆ జట్టుకి ఒక మార్కు పోతుంది. చెయ్యి కిటికీ దాటితే రెండు మార్కులు. టీచరు అరవాల్సిన పని లేదు, పక్కపిల్లలే పట్టిస్తారు. సీటుబెల్టు ఉంటే బెల్టు పెట్టుకోవాలి, సరే. కానీ ఎక్కువ టూరిస్టు బస్సుల్లో అవి ఉండవు, ఉన్నవి సీటు సందులో ఇరుక్కుని ఉంటాయి. కాబట్టి ఆటే పిల్లని సీటులో పట్టి ఉంచాలి.

రెండో సంగతి జట్లు. ఆడపిల్లలు ఒక జట్టు, మగపిల్లలు ఒక జట్టు అన్నది మన పాత అలవాటు. బస్సులో అది పనికిరాదు. ఎడమ కిటికీవాళ్ళు ఒక జట్టు, కుడి కిటికీవాళ్ళు ఒక జట్టు. ఎవరి కిటికీలో కనిపించింది వాళ్ళకే. "అదిగో నెమలి!" అని ఒకవైపు నుంచి కేకపడగానే రెండోవైపు ఇరవైమంది నడవ దాటి పరిగెత్తడం ఎవరైనా చూసే ఉంటారు. అవతలి కిటికీ నెమలికి తమకి మార్కు రాదని తెలిస్తే ఎక్కడివాళ్ళు అక్కడే మెడ మాత్రం సాచి చూస్తారు.

అయితే మన రోడ్ల మీద ఎదురొచ్చే బండ్లన్నీ కుడివైపే కనిపిస్తాయి. కాబట్టి నెంబరు ప్లేట్ల ఆట అందరికీ పెడితే ఎడమవైపువాళ్ళు పావుగంటలో ఏడుపుముఖం పెడతారు. రెండువైపులా వేరు వేరు ఆటలు కావాలి.

కుడివైపువాళ్ళకి నెంబరు ప్లేట్లు. నాలుగంకెలు కూడి, వచ్చినదాన్ని మళ్ళీ కూడి, ఒక్క అంకె చేయాలి. 4752 అయితే పద్దెనిమిది, అంటే తొమ్మిది. తొమ్మిది వస్తే మార్కు. తొమ్మిది కోసం డబ్బు పోసి ఫ్యాన్సీ నెంబరు కొనుక్కునే నాన్నలున్న ఊళ్ళో ఈ ఆట నేర్పక్కర్లేదు. కాస్త పెద్దపిల్లలకి జిల్లా గుర్తుపట్టడం: టీఎస్ 06 మహబూబ్‌నగర్, టీఎస్ 31 నాగర్‌కర్నూల్, ఏపీ 21 కర్నూలు. 2024 మార్చి నుంచి రిజిస్టరైన తెలంగాణ బండ్లకి టీజీ అని ఉంటుంది కాబట్టి, టీజీ కనిపిస్తే "కొత్తబండి" అని ఒక మార్కు ఎక్కువ. ఎదురుగా దూరం నుంచి వచ్చే బండిని చూడటమంటే చూపు ముందుకీ దూరానికీ పోతుంది, కడుపుకి అదే మంచిది. పక్కనుంచి సర్రున పోయే ప్లేటుని పట్టుకోవాలని మెడ గిరగిరా తిప్పితే మాత్రం తల తిరుగుతుంది. అందుకే దూరం నుంచి చదివినదే లెక్క అన్నాం.

ఎడమవైపువాళ్ళకి దుకాణాల బోర్డులు. అ నుంచి మొదలుపెట్టి అచ్చులన్నీ వరసగా, మాట మొదట్లో ఉన్నది వెతకాలి. మన ఇంగ్లీషు మీడియం పిల్లలకి దీనికంటే మంచి తెలుగు పాఠం నేను చూడలేదు. అ, ఆ సులువుగా దొరుకుతాయి. ఇ దగ్గర ఇటుకల బట్టీవాడో, ఇంజినీరింగ్ వర్క్సువాడో ఆదుకుంటాడు. ఎ కోసం కంగారుపడక్కర్లేదు, పల్లెటూళ్ళ దారిలో ఎరువుల దుకాణాలకి కొదవ లేదు. ఐ అంటే ఐస్‌క్రీమ్ బండి. ఔ దగ్గర అందరూ ఆగిపోయారు. ఒక పిల్ల మందుల దుకాణం మీద "ఔషధ" అన్న మాట పట్టుకుంది, ఆ కేకకి డ్రైవరు కూడా అద్దంలోంచి చూశాడు. (ఇంకెప్పుడూ అలా కేక వేయకూడదని అప్పుడే ఇంకో నియమం పుట్టింది. డ్రైవరు వెనక మూడు వరసల్లో కేకలు, చప్పట్లు లేవు. "హారన్ కొట్టండి అంకుల్" అనడం అసలే లేదు.) ఋ ని వదిలేశాం. మొదటి ఊళ్ళో కూడబలుక్కుంటూ చదివిన పిల్లలు, మూడో ఊరికి వచ్చేసరికి బస్సు వేగంలోనే బోర్డు చదివేస్తున్నారు.

వచ్చేటప్పుడు రెండువైపులవాళ్ళూ సీట్లు మార్చుకున్నారు, తగవు లేకుండా.

ఈ రెండింటికీ మించిన ఆట కిలోమీటరు రాళ్ళది. జాతీయ రహదారి రాళ్ళకి నెత్తిన పసుపురంగు ఉంటుంది, రాష్ట్ర రహదారి రాళ్ళకి ఆకుపచ్చ. ఒక రాయి దాటగానే సెకన్లముల్లు ఉన్న చేతిగడియారం చూసి, తర్వాతి రాయి వచ్చేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో చెప్పాలి. 3600 ని ఆ సెకన్లతో భాగిస్తే బస్సు వేగం. అరవై సెకన్లయితే గంటకి 60 కిలోమీటర్లు. డెబ్భై అయిదయితే 48. నలభై అయిదయితే 80. మధ్యలో రాయి విరిగిపోయి ఉంటే రెండు కిలోమీటర్ల లెక్క ఒకటిగా వస్తుంది, రాతి మీది అంకెలు చూసుకోకపోతే బస్సు నత్తలా పోతోందని తేలుతుంది. ఆ పొరపాటు పట్టుకోవడం కూడా ఆటలో భాగమే.

మా లెక్కలావిడ ఈ ఆట ఎందుకు పెట్టిందో మొదట నాకు అర్థం కాలేదు. కల్వకుర్తి దాటాక ఇద్దరు పిల్లలు వరసగా మూడు రాళ్ళకి నలభై నాలుగు, నలభై మూడు, నలభై మూడు అని చెప్పారు. ఆవిడ లేవలేదు, పెద్దగా మాట్లాడలేదు. డ్రైవరు పక్కన కూర్చున్న క్లీనర్‌తో "పిల్లలు ఎనభై దాటిందంటున్నారు, కాస్త చూడమను" అంది. తర్వాతి రాయికి అరవై రెండు. నలభైమంది పిల్లలు మనసులో సెకన్లు లెక్కపెడుతున్న బస్సుని ఏ డ్రైవరూ ఇష్టం వచ్చినట్టు తోలడు. టీవీ చూస్తున్న బస్సులో ఆ మూడు రాళ్ళూ ఎవరికీ కనిపించేవి కావు.

మన్ననూరు దాటాక దుకాణాలు లేవు, బండ్లూ తక్కువే. ఈ అడవి దారిలో రాత్రి 9 నుంచి పొద్దున్న 6 దాకా బండ్లు వెళ్ళనివ్వరు, జంతువులు తిరిగే చోటు కాబట్టి. పగలు కూడా అది వాటి ఇల్లేనని పిల్లలకి చెప్పి, పది నిమిషాలు నోరు మూసుకుని చూసినవన్నీ గుర్తుపెట్టుకోమన్నాం. తర్వాత ఒక్కొక్కరు ఒక్కటి చెప్పాలి, ముందువాళ్ళు చెప్పింది చెప్పకూడదు. చివరివాళ్ళ దాకా వచ్చేసరికి పుట్ట, వెదురుపొద, రోడ్డు పక్క ఎండిన వాగు అన్నీ బయటికి వస్తాయి. పది నిమిషాలకి మించి మాత్రం పెట్టకండి, పదకొండో నిమిషంలో వెనకసీట్లో గిల్లుకోవడం మొదలవుతుంది. కోతులకి బిస్కెట్లు విసరడం లేదని ముందే ఖాయం చేసుకోవాలి. విసరడానికే చెయ్యి కిటికీ దాటుతుంది.

ఘాటు మొదలవగానే చూసే ఆటలన్నీ బంద్. అందరూ తిన్నగా ముందుకి చూడాలి, ఆట చెవులతోనే. దీనికి సంత ఆట సరిపోతుంది. "మా అమ్మమ్మ సంతకెళ్ళి వంకాయలు తెచ్చింది" అని ఒకరంటే, రెండోవాళ్ళు "వంకాయలు, చేటా తెచ్చింది" అనాలి, మూడోవాళ్ళు ఆ రెండూ చెప్పి ఇంకోటి కలపాలి. నలభైమందికీ కలిపి పెడితే ఇంజను హోరులో ముందువాళ్ళ మాట వెనకవాళ్ళకి వినిపించక పిల్లలు లేచి నిలబడతారు. అందుకే ఒక వరసలో అటిద్దరు, ఇటిద్దరు, నలుగురే ఒక జట్టు. ఎవరూ వెనక్కి తిరగక్కర్లేదు. పది, పన్నెండు వస్తువుల దగ్గర తడబాటు మొదలవుతుంది, అక్కడ మళ్ళీ మొదటికి.

ఈ ఆటలో ఇంకో లాభం ఉంది. వెనకనుంచి మూడో వరసలో ఒక అమ్మాయి, అప్పటిదాకా గలగలా చెప్పిన పిల్ల, రెండుసార్లు వరసగా "గుర్తులేదు" అంది. చూస్తే ఆవలింతలు, పెదాలు పాలిపోయి ఉన్నాయి, మాటిమాటికీ ఉమ్మి మింగుతోంది. వాంతికి ముందు వచ్చే గుర్తులు ఇవే: ఆవలింత, మౌనం, పాలిపోవడం, నోట్లో నీళ్ళూరడం, చల్లటి చెమట. బస్సు ఒక పక్కకి ఆపించి ఆ పిల్లని ముందు రెండో వరసలోకి మార్చాం. వెనక చక్రాల మీదా, వాటి వెనకా ఉన్న సీట్లలో ఊపు ఎక్కువ. కిటికీ కాస్త తెరిచి, దూరంగా రోడ్డు చూస్తూ నెమ్మదిగా ఊపిరి తీసుకోమన్నాం, ఒక కవరు చేతికిచ్చాం. ఆ కవరు వాడకుండానే ఆనకట్ట దాటాం. హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెర చూస్తున్న పిల్ల మౌనంగా ఉంటే అది జబ్బు మౌనమో, సినిమా మౌనమో ఏ టీచరు చెప్పగలదు?

అంత్యాక్షరి సంగతి చెప్పకపోతే ఊరుకోరు. అది కల్వకుర్తిలో టిఫిను తిన్నాక, డిండి దాకా పెట్టాం. ణ వస్తే న తో, ళ వస్తే ల తో పాడవచ్చని ముందే చెప్పుకోకపోతే అరగంట దానిమీదే పోతుంది. పదకొండేళ్ళవాళ్ళ నోట కొన్ని సినిమా పాటలు వినడం నా చెవులకి కష్టమే, కానీ అది వేరే వ్యాసం. పుల్లైసులు, పుల్లమిఠాయిలు నోట్లో పెట్టుకుని పాడటం మాత్రం ఒప్పుకోకండి. బ్రేకు పడితే ఆ పుల్ల గొంతులోకి పోతుంది. అదే కారణంతో బస్సులో కలాలు, పెన్సిళ్ళు బయటికి తీయనివ్వలేదు. అష్టాచెమ్మా గవ్వలు తెచ్చిన పిల్లవాడికి, దిగాక ఆడుకోమని చెప్పాం, కిందపడిన గవ్వ కోసం సీట్ల కింద దూరే తల ఎవరిదో ఒకరిది ఉంటుంది కదా.

ఇప్పుడు టీచర్ల మాట. మా గ్రూపులో ఒక టీచరు నాకు సూటిగానే జవాబు చెప్పారు: "మీరు ఒక్కరోజు వచ్చారు, మేము ఏటా వెళ్తాం. నలభైమంది, ముగ్గురం. ఆరుగంటలు ఆడించడానికి మాకు గొంతుండద్దా? టీవీ వేస్తే కనీసం కూర్చుంటారు." ఇందులో అన్యాయమేమీ లేదు. ఆరుగంటలూ ఆడించమని నేనూ అనను. మా బస్సులో లెక్కేస్తే ఆటలు మూడుగంటలు మించలేదు. మిగతాదంతా తిండి, కునుకు, కిటికీ, ఊసుపోని కబుర్లు. పిల్లలకి కాసేపు విసుగు పుడితే కొంపలేమీ మునగవు. గొంతు విషయంలో మాత్రం తల్లులం చేయగలిగింది ఉంది. ట్యాబ్‌లో సినిమాలు ఎక్కించే ఆ రెండుగంటలు, మనలో ఇద్దరం బస్సెక్కడానికి వెచ్చిస్తే టీచర్లకి అరవాల్సిన పని సగం తగ్గుతుంది. అరగంటకోసారి టీచరుకి ఫోను చేసి "ఎక్కడున్నారు" అని అడగకపోతే మిగతా సగం తగ్గుతుంది.

హాజరు కూడా ఆటలాగే నడిపాం. ఆగిన ప్రతిచోటా "ప్రెజెంట్" అనిపించడం నమ్మకండి, స్నేహితుడి బదులు ఇంకొకడు పలకడం మన పిల్లలకి బడిలో బాగా అలవాటు. నలభైమందిని ఇరవై జంటలు చేసి, "ఏడో జంట" అనగానే ఒకరి పేరు ఇంకొకరు చెప్పి, ఇద్దరూ చేయి ఎత్తాలన్నాం. ఒకరే ఉంటే ఒకే చేయి లేస్తుంది. ఇద్దరూ కిందే ఉండిపోతే ఆ అంకె దగ్గర మౌనం. డిండి దగ్గర పదమూడో జంట మౌనంగా ఉండిపోయింది, ఇద్దరూ ఇంకా బొమ్మల కొట్టు దగ్గరే ఉన్నారు. నిమిషంలో దొరికారు.

తిరుగుప్రయాణంలో చెక్‌పోస్టు మూసేలోపు అడవి దాటాలి కాబట్టి మధ్యాహ్నం మూడున్నరకల్లా బస్సెక్కేయాలి. అప్పుడు ఆటల జోలికి పోకండి. పొద్దంతా నడిచి, మెట్లెక్కిన పిల్లలు మన్ననూరు రాకముందే తలలు వాల్చేస్తారు. ఆ వేళకి "పిల్లలు బోరు కొడుతున్నారు" అంటూ టీవీ పెట్టమనేది ఎవరో తెలుసా? పిల్లలు కాదు, వెనకసీట్లో మేలుకున్న పెద్దవాళ్ళు. మా లెక్కలావిడ వాళ్ళకి కూడా కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టే పని అప్పజెప్పింది. చీకటి పడ్డాక రాళ్ళు కనిపించవు, సరే. అప్పటికి వాళ్ళూ నిద్రపోయారు.

ఆమనగల్లు దగ్గర దీపాలు వేయించి, జంటల లెక్క చివరిసారి చెప్పించాం. ఇరవై జంటలూ నిద్రమత్తులో ఒకరి పేరు ఒకరు పలికారు, ఒక జంట మాత్రం పొరపాటున ఎవరి పేరు వాళ్ళే చెప్పుకుని, మార్కు పోయిందని బడి గేటు దాకా వాదించుకుంటూ వచ్చారు.